రాత్రివేళ కుండీల్లో లేత ఆకులు మేసే నత్తలు: విషం లేకుండా తగ్గించే విధానం

వానలు మొదలైన వారం పది రోజులకు కుండీల్లో నాటిన వంగ, మిరప నారు చక్కగా నిలదొక్కుకొంటుంది. ఒకనాటి ఉదయం చూసేసరికి రెండు మూడు మొక్కలకు ఆకులే ఉండవు. మరికొన్నిటి కాండాలు మట్టికి అంగుళం ఎత్తున తెగిపోయి ఉంటాయి. కొత్తిమీర కుండీలో ఒక మూల బోసిగా కనిపిస్తుంది. ఇంటివారు ముందుగా ఎలుకను, ఉడుతను, పక్కింటి కోడిని అనుమానిస్తారు. పగలంతా కాపలా ఉన్నా దొంగ దొరకదు. ఎందుకంటే ఆ దొంగ పగటిపూట అదే కుండీ అడుగున నిద్రపోతూ ఉంటుంది.

ఆ దొంగ నత్త. తమిళనాడులోని మన ఇరుగుపొరుగువారు దీనిని నత్తై అంటారు. కన్నడిగులు బసవన హుళు అంటారు. ఒడియాలో గెండా, మరాఠీలో గోగల్‌గాయ్ అని పేరు. ఏ భాషలో పిలిచినా దీని నడవడి ఒక్కటే. అది ఎక్కడ దాగుతుంది, ఎప్పుడు బయటికి వస్తుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది అన్న మూడు విషయాలు తెలిస్తే, మందు గుళికలు చల్లకుండానే దాని సంఖ్యను బాగా తగ్గించవచ్చు.

మేసింది నత్తేనా?

ఆకు తెగిన ప్రతిచోటా నత్తను నిందించడం సరికాదు. గొంగళి పురుగు మేసిన ఆకు మీదనో, దాని కిందనో నల్లని చిన్న గింజల వంటి పెంటికలు రాలి ఉంటాయి. మిడత పగలే కనిపిస్తుంది. ఎలుక తెంపిన కాండం కత్తితో కోసినట్టు ఏటవాలుగా ఉంటుంది. నత్త మేసిన చోట ఆకు అంచులూ నడుమా వంకరటింకర రంధ్రాలు పడతాయి. నత్త నోటిలో ఆకురాయి వంటి నాలుక ఉంటుంది. దానిమీద కంటికి ఆనని వేల పళ్ళు వరుసలు తీరి ఉంటాయి. నత్త ఆకును కొరకదు, ఆ నాలుకతో గీకి తింటుంది. అందువలననే రంధ్రాల అంచులు చిరిగినట్టు కనిపిస్తాయి.

అన్నిటికంటె నమ్మకమైన ఆనవాలు వెండి తీగ వంటి మెరుపు చార. నత్త పాకిన దారిలో విడిచిన జిగురు ఆరి, ఉదయపు ఎండలో తళతళలాడుతుంది. కుండీ పక్కల మీద, గచ్చు మీద, ఆకుల అడుగున ఆ చారలు వెదకాలి. వాన కడిగివేసి చార దొరకకపోతే, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల నడుమ టార్చిలైటుతో ఒక్కసారి చూస్తే సందేహం తీరిపోతుంది.

మన పెరళ్ళలో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి గుల్ల ఉన్న నత్త. గోధుమరంగు చారలతో కోసుగా పెరిగే పెద్ద నత్త మన దేశానిది కాదు. దీని పేరు ఆఫ్రికా రాక్షసి నత్త. 1847లో బెన్సన్ అనే ఆంగ్లేయుడు దీనిని మారిషస్ నుండి తెచ్చి కలకత్తాలోని చౌరంగీ తోటలో విడిచాడు. అక్కడినుండి అది దేశంలోని అనేక ప్రాంతాలకు వ్యాపించింది. రెండవది గుల్ల లేని నత్త. ఇంగ్లీషులో దీనిని స్లగ్ అంటారు. తోలుముక్కలా చదునుగా, ముదురు గోధుమ లేక నలుపు రంగులో ఉంటుంది. ఒక రకానికి వీపు నడుమ సన్నని లేత చార కూడా ఉంటుంది. గుల్ల లేకపోవడం వలన ఇది ఎంత సన్నని సందులోనైనా దూరగలదు. కుండీల విషయంలో దీనితోనే ఇబ్బంది ఎక్కువ.

రాత్రినే ఎందుకు?

నత్త శరీరం నీటితో నిండి ఉంటుంది. అది పాకే ప్రతి అంగుళానికి జిగురును విడవాలి, ఆ జిగురులో ఎక్కువ భాగం నీరే. ఎండలో, పొడిగాలిలో తిరిగితే ఒంటి నీరు ఆరిపోయి చనిపోతుంది. అందుచేత సూర్యాస్తమయం దాకా తేమగా, చీకటిగా ఉన్న చోట ముడుచుకొని ఉంటుంది. ఎండాకాలంలో గుల్ల నత్త తన మూతికి పొర కట్టుకొని నెలల తరబడి కదలకుండా ఉండి, వాన పడగానే మేలుకొంటుంది. వేసవిలో ఒక్కటీ కనిపించని పెరట్లో తొలి వానకు పదులకొద్దీ ప్రత్యక్షమవడానికి కారణం ఇదే. అవి ఆకాశం నుండి ఊడిపడలేదు, ఇటుకల కుప్ప కింద నిద్ర లేచాయి.

దీనినిబట్టి ఒక సంగతి తేటపడుతుంది. రాత్రి కుండీ తడిగా ఉంటే నత్తకు దారి సుగమం. కుండీ పైమట్టి పొడిగా ఉంటే ప్రతి అడుగూ దానికి ఖర్చే. చాలా ఇళ్ళలో ఎండ తగ్గాక సాయంత్రం మొక్కలకు నీళ్ళు పోయడం అలవాటు. ఆ అలవాటే నత్తలకు ప్రతి రాత్రి తడిబాట పరుస్తున్నది. నీళ్ళు ఉదయం పోయాలి. ఆకుల మీద చల్లకుండా మొదట్లోనే పోయాలి. సాయంత్రానికి పైమట్టి అర అంగుళం లోతున ఆరి ఉండాలి. ఖర్చులేని ఈ ఒక్క మార్పుతోనే మేత చాలావరకు తగ్గుతుంది. వాన రోజుల్లో మాత్రం దీనిని నమ్ముకొని ఊరుకోకూడదు.

పగటి ఇల్లు పడగొట్టాలి

కుండీ కింద పెట్టే పళ్ళెం, కుండీకీ గోడకూ నడుమ రెండంగుళాల సందు, పాత పెంకుల దొంతర, కొబ్బరి పొట్టు సంచి, రాలిన ఆకుల కుప్ప, పగిలిన కుండీ పెంకులు నత్తకు మేలైన పగటి ఇళ్ళు. కుండీ అడుగున నీరు పోయే రంధ్రం కూడా అటువంటిదే. గుల్ల లేని నత్త ఆ రంధ్రంలో దూరి మట్టిలోనే పగలు గడుపుతుంది. అటువంటి కుండీ చుట్టూ ఎన్ని కంచెలు కట్టినా ప్రయోజనం లేదు, శత్రువు కోట లోపలే ఉన్నాడు.

కాబట్టి మొదటి పని ఒక పగటిపూట కుండీలన్నిటిని ఒక్కొక్కటిగా ఎత్తి అడుగు చూడడం. అంటుకొన్న నత్తలను ఏరివేసి, కుండీలను గోడకు జానెడు దూరం జరిపి, మూడేసి ఇటుక ముక్కల మీద నిలబెట్టాలి. అడుగున గాలి ఆడితే తేమ ఆరుతుంది. అడుగు రంధ్రానికి లోపలివైపు ప్లాస్టిక్ దోమతెర ముక్క వేస్తే నీరు పోతుంది, నత్త దూరలేదు. అయితే ఇది కుండీలో మట్టి మార్చినప్పుడు మాత్రమే వీలవుతుంది. పళ్ళాలు తీసివేయడం వలన మరొక మేలు ఉన్నది. నిలవ నీటిలో దోమలు గుడ్లు పెట్టే అవకాశం పోతుంది.

గుడ్లను గుర్తుపట్టడం కూడా ఇక్కడే తెలుసుకోవాలి. రాక్షసి నత్త గుడ్లు లేత పసుపు ఛాయ గల తెలుపులో, దాదాపు సగ్గుబియ్యం అంత ఉంటాయి. మట్టిలో ఒకటి రెండు అంగుళాల లోతున కుప్పగా దొరుకుతాయి. ఒక్క కుప్పలో నూటికి మించి, ఒక్కొక్కసారి మూడు నాలుగు వందల దాకా ఉండవచ్చు. వారం నుండి రెండు వారాలలోగా పిల్లలు వస్తాయి. ప్రతి నత్తలోనూ ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి కనుక పెద్దది ఏదైనా గుడ్లు పెట్టగలదు. చాలామంది వీటిని ఎరువు గుళికలని భ్రమపడి వదిలివేస్తారు. ఎరువు గుళిక వేళ్ళ నడుమ నలిపితే పొడి అవుతుంది. నత్త గుడ్డు చిట్లి నీరు కారుతుంది. దొరికిన గుడ్లను మరిగే నీటిలో వేస్తే సరిపోతుంది.

పిలిచి పట్టడం

దాగే చోట్లన్నీ తీసివేశాక నత్తలకు తలదాచుకొనే చోటు కావాలి. ఆ చోటును మనమే ఏర్పరచి, ఉదయాన్నే వెళ్ళి పట్టుకోవడం రెండవ పని. పాత గోనెసంచిని తడిపి, నీరు కారకుండా పిండి, రెండు మడతలు వేసి కుండీల నడుమ సాయంత్రం పరచాలి. మడతల్లో బొప్పాయి ఆకులు గాని, కాబేజీ పై రేకులు గాని ఉంచాలి. నత్తలకు ఇవి ఇష్టం. తెల్లవారి, ఎండ ఎక్కకముందే సంచి విప్పితే లోపల నత్తలు అంటుకొని కనిపిస్తాయి. సంచి పరచి ఉదయం విప్పడం మరచిపోతే మాత్రం మనమే వాటికి మంచి ఇల్లు కట్టి ఇచ్చినట్టవుతుంది.

గుల్ల లేని నత్తలకు పులిసిన పిండి ఇంకా బాగా పనిచేస్తుంది. పులుపు వాసన వాటిని లాగుతుంది. పాశ్చాత్య దేశాల్లో ఇందుకు బీరు వాడతారు. మైదా, నీరు, ఈస్టు కలిపి పులియబెట్టిన రొట్టెల పిండి కూడా నత్తలను చక్కగా ఆకర్షిస్తుందని 2021లో ప్రచురితమైన పరిశోధన ఒకటి తెలిపింది. ఇంట్లో ఒక గ్లాసు మైదాకు ఒక గ్లాసు నీరు, ఒక చిన్న చెంచా ఈస్టు కలిపి మధ్యాహ్నం ఉంచితే సాయంత్రానికి పొంగుతుంది. లోతైన ప్లాస్టిక్ డబ్బాలో రెండంగుళాల మందాన పోసి, డబ్బాను మట్టిలో పాతిపెట్టాలి. అంచు మాత్రం నేలకు అర అంగుళం పైన ఉండాలి. లేకపోతే నత్తలను తినే మేలు పురుగులు కూడా అందులో పడిపోతాయి. వాన నీరు పడకుండా పైన ఒక పెంకును ఇటుక ముక్కల మీద నిలపాలి. రెండు రోజులకొకసారి పిండి మార్చాలి. దీని వాసన దూరం నుండి కూడా నత్తలను రప్పిస్తుంది కనుక డబ్బాను కుండీల నడుమ కాక నాలుగైదు అడుగుల దూరంలో ఉంచడం మంచిది.

పట్టిన నత్తలను గోడ అవతలికి విసరడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. నత్తకు తన చోటు గుర్తుంటుంది, దగ్గరలో పడితే తిరిగి వస్తుంది. తిరిగి రానిది పక్కింటివారి పాదులో చేరుతుంది. కాలువలో వేసినా తెగులును ఊరంతటికీ పంచినట్టే. మూతగల బకెట్లో అయిదు లీటర్ల నీటికి అరకిలో ఉప్పు కరిగించి అందులో వేసి, మూత మీద బరువు పెట్టి ఒక రోజు ఉంచాలి. మూత లేకపోతే పెద్దవి పాకి బయటపడతాయి. తరువాత పెరటి చివర అడుగున్నర గొయ్యిలో పూడ్చాలి. ఆ ఉప్పునీటిని ఏ మొక్క మొదట్లోనూ పోయరాదు.

ఒక ఇంటి లెక్క

ఈ పనులు వరుసగా చేస్తే ఏమి జరుగుతుందో తెలియడానికి ఒడిశా సరిహద్దులోని ఒక ఇంటిని ఊహించుకొందాం. ఆషాఢ మాసం. పెరటి గోడవారగా 18 కుండీలు, వాటిలో వంగ, మిరప, కొత్తిమీర, బంతి. పక్కనే కొబ్బరి పొట్టు సంచి ఒకటి. అంకెలు ఇంటింటికీ వేరుగా ఉంటాయి గాని, వాటి పెరుగుదల, తరుగుదల మాత్రం చాలావరకు ఇలాగే ఉంటుంది.

మొదటిరోజు కుండీలు ఎత్తి అడుగులు చూస్తే 14 దొరికాయి. ఆ రాత్రి టార్చిలైటుతో మరి 27 దొరికాయి. రెండవ రాత్రి 19, మూడవ రాత్రి 13. ఇంటి పిల్లవాడు గోడమీది క్యాలెండరులో ప్రతి తేదీ కింద అంకె వేశాడు. ఏడవ రాత్రికి లెక్క 4కు దిగింది. ఇక పని అయిపోయిందని ఇంటివారు ఏరడం మానివేశారు. పదకొండవ నాటి ఉదయం కొత్తిమీర మళ్ళీ నేలమట్టం. ఆ రాత్రి చూస్తే మినపగింజంత పిల్ల నత్తలు ఒక్కచోటనే 30 దాకా ఉన్నాయి.

ఇక్కడ విధానం విఫలమైందని చాలామంది నిర్ణయించుకొని మందు గుళికల కోసం అంగడికి వెళతారు. నిజానికి జరిగింది వేరు. ఏరివేసినవి పెద్ద నత్తలు, అవి అంతకుముందే పెట్టిన గుడ్లు ఇప్పుడు పిల్లలయ్యాయి. పిల్లలు ఒకేచోట గుంపుగా ఉన్నాయంటే గుడ్ల కుప్ప అక్కడికి దగ్గరలోనే ఉన్నదన్నమాట. ఆ ఇంట కొబ్బరి పొట్టు సంచి ఎత్తి చూస్తే దాని కింద తడిమట్టిలో ఒక కుప్ప పగిలి ఉన్నది, రెండవది ఇంకా పగలలేదు. దానిని తీసివేసి, సంచిని గూట్లో పెట్టి, మరి రెండు వారాలు ఏరారు. మూడవ వారం చివరికి రాత్రికి ఒకటి రెండు మాత్రమే కనిపించాయి.

ఈ లెక్క చెప్పేది ఒకటే. గుడ్లు పగలడానికి పట్టే కాలం రెండు వారాలు కాబట్టి, ఏరే పని కనీసం మూడు వారాలు ఆగకుండా సాగాలి. మొదటి వారం ప్రతి రాత్రి, తరువాత రెండు రాత్రులకొకసారి, వాన పడిన రాత్రి తప్పనిసరిగా ఏరాలి. అంకెలు రాసి ఉంచితే తగ్గుతున్నదీ, మళ్ళీ లేస్తున్నదీ కంటికి కనిపిస్తుంది. నత్తలను పూర్తిగా లేకుండా చేయడం సాధ్యం కాదు. పక్క పెరటి నుండి, కొత్తగా కొని తెచ్చిన మొక్కల మట్టి నుండి అవి మళ్ళీ వస్తూనే ఉంటాయి. అందుకే కొత్త మొక్కను వారం రోజులు విడిగా ఉంచి, దాని మట్టిని చూసిన తరువాతనే మిగిలిన కుండీల సరసన చేర్చాలి.

కంచెల సంగతి

కోడిగుడ్డు పెంకుల పొడి చల్లితే నత్త దాటదని చాలాకాలంగా చెప్పుకొంటారు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ గుడ్డు పెంకులు, గరుకు రాతిపొడి, రాగి పట్టీ, చెట్టు బెరడు ముక్కలు, ఉన్ని గుళికలను లెట్యూస్ మొక్కల చుట్టూ వేసి పరీక్షించి, ఏవీ మేతను చెప్పుకోదగినంతగా తగ్గించలేదని 2018లో ప్రకటించింది. నత్త తన జిగురు మీద తాను నడుస్తుంది కనుక గరుకు దానికి అంతగా అడ్డు కాదు. కట్టెల బూడిద పొడిగా ఉన్నంతసేపు నీరు పీల్చి కొంత ఆపుతుంది. ఒక్క జల్లు పడితే పేస్టులా మారి పనికిరాదు. పదేపదే వేస్తే మట్టిలో క్షారం పెరిగి మొక్కకే చేటు. ఉప్పును కుండీలో చల్లడం అన్నిటికంటె హానికరం. నత్త చచ్చినా, ఆ ఉప్పు వేళ్ళకు చేరి మొక్కను ఎండబెడుతుంది.

నమ్మదగిన అడ్డు ఒకటి ఉన్నది. రెండు లీటర్ల నీళ్ళ సీసా అడుగు, మెడ కోసివేస్తే వచ్చే గొట్టాన్ని నారు మొక్క చుట్టూ రెండంగుళాల లోతున మట్టిలో గుచ్చాలి. ఇది మొక్క చిన్నగా ఉన్న మొదటి మూడు వారాలు కాపాడితే చాలు. కాండం ముదిరిన మొక్కకు నాలుగు ఆకులు పోయినా తట్టుకొంటుంది. గొట్టం వేసేముందు లోపలి మట్టిలో నత్త లేదని చూసుకోవాలి. ఆకు గొట్టం దాటి పక్క కుండీకి తాకితే అదే వంతెన అవుతుంది.

పెరట్లో తిరిగే జెముడుకాకి రాక్షసి నత్తలను కూడా పగలగొట్టి తింటుంది. గోదురుకప్పలు, మిణుగురు పురుగుల పిల్లలు చిన్న నత్తలను తింటాయి. వీటిని తరమకుండా ఉండడమే వీటికి మనం చేసే సాయం.

చేతులు, కూరాకులు, గుళికలు

నత్తను వట్టి చేతితో పట్టరాదు. ఎలుకల ఊపిరితిత్తుల్లో బతికే ఒక పురుగు తన జీవితంలో కొంతకాలం నత్త శరీరంలో గడుపుతుంది. పచ్చి నత్త గాని, నత్త పిల్ల అంటుకొన్న పచ్చి ఆకు గాని కడుపులోకి పోతే, ఆ పురుగు మనిషి మెదడు పొరలకు వాపు తెచ్చి, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం వంటి బాధలు కలిగించవచ్చు. ఇది తరచుగా వచ్చే జబ్బు కాదు, కాని జాగ్రత్త చాలా సులువు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కొని గాని, పాత పటకారుతో గాని ఏరాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నత్తలు తిరిగే కుండీలోని కొత్తిమీర, పుదీనాను పచ్చిగా తినదలిస్తే ఒక్కొక్క రెమ్మను విప్పి, పారే నీటిలో అడుగు వైపు కూడా కడగాలి. నత్తలను లెక్కపెట్టే పని పిల్లలకు అప్పగించవచ్చు, పట్టే పని పెద్దలు చేయాలి.

అంగళ్ళలో దొరికే నత్తల మందు గుళికల్లో సాధారణంగా మెటాల్డిహైడ్ అనే విషం ఉంటుంది. నత్తలకు రుచించేలా దానిని తవుడు వంటి వాటితో కలిపి చేస్తారు. ఆ రుచి కుక్కకూ, కోడికీ, దూడకూ కూడా నచ్చుతుంది. తిన్న కుక్క కొద్ది గంటల్లోనే వణుకుతూ, మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. వన్యప్రాణులకు హాని చేస్తున్నదన్న కారణంతో బ్రిటన్ 2022లో దీని ఆరుబయటి వాడకాన్ని నిషేధించింది. పశువుల కొట్టం, కోళ్ళ గంప, పసిపిల్లల ఆట అన్నీ ఒకే పెరట్లో సాగే ఇంట, 18 కుండీల కోసం ఈ విషాన్ని నేల మీద చల్లవలసిన అవసరం లేదు. ఇంట్లోని జంతువు ఈ గుళికలు తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం వేచి ఉండక, గుళికల పొట్లంతో సహా వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

తొలి వాన పడిన రాత్రే టార్చిలైటు తీసుకొని కుండీల దగ్గరికి వెళ్ళడం అన్నిటికంటె లాభసాటి పని. నిద్ర లేచిన పెద్ద నత్తలు గుడ్లు పెట్టకముందే దొరుకుతాయి. ఆ రాత్రి ఏరిన ఒక్క నత్త, పదిహేను రోజుల తరువాత ఏరవలసిన నూరు నత్తలతో సమానం.